ఓటుకు ముందు మూడు వ్యాపారాల గురించి సభ్యులకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

సంఘం అధ్యక్షుడు

అందరికీ నమస్కారం. మా సహకార సంఘంలో 140 కుటుంబాలు సభ్యులుగా ఉన్నాయి. ఇంతకాలం విత్తనాలు, ఎరువులు కలిసి కొనుక్కోవడం వరకే మా పని సాగింది. చేరిన వాటా ధనంతో ఈసారి ఉమ్మడిగా ఒక వ్యాపారం మొదలుపెట్టాలని కార్యవర్గం నిర్ణయించి, మూడు ప్రతిపాదనలను సర్వసభ్య సమావేశం ముందు పెట్టమని నాకు అప్పగించింది. మొదటిది 1000 లీటర్ల పాల శీతలీకరణ కేంద్రం, రెండవది ధాన్యాన్ని ఆరబెట్టి నిల్వచేసే గిడ్డంగి, మూడవది ట్రాక్టరును, విత్తే యంత్రాన్ని సభ్యులకు అద్దెకిచ్చే కేంద్రం. నా ప్రసంగం ముగిసిన వెంటనే ఓటింగు జరుగుతుంది.

ప్రసంగం రాసుకుని ఇంట్లో చదివి వినిపించాను. నా భార్య అంతా విని, "మూడూ ఒకేలా బాగున్నట్టు చెప్పారు, ఇక నేను దేన్ని చూసి ఓటు వేయాలి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ప్రతి వ్యాపారానికీ పెట్టుబడి ఎంత, ఏటా వచ్చే మిగులు ఎంత అన్నది మాత్రమే రాశాను. ఇంకేం చెప్పాలో అనుభవం ఉన్నవారు సూచించగలరని ఆశిస్తున్నాను.

కొత్తవిత్తు

అధ్యక్షుల వారికి నమస్కారం. ఈ మూడింటికంటే తేనెటీగల పెంపకం మేలని నా అభిప్రాయం. దానికి పెట్టుబడి తక్కువ, భూమి లేనివారు కూడా చేసుకోవచ్చు. మీరు ప్రసంగంలో దానిని నాలుగవ ప్రతిపాదనగా చేర్చండి.

సంఘం అధ్యక్షుడు

మీ సూచనకు ధన్యవాదాలండీ. అయితే ఏ వ్యాపారం మంచిదో నేను ఇక్కడ అడగడం లేదు, ఆ నిర్ణయం సభ్యులదే. ఈ మూడింటి గురించి ఓటుకు ముందు నిజాయతీగా ఎలా మాట్లాడాలన్నదే నా ప్రశ్న. సమావేశపు నోటీసులో మూడు ప్రతిపాదనలే వెళ్ళాయి కాబట్టి నాలుగవదాన్ని ఇప్పుడు వేదిక మీద చేర్చడం న్యాయం కాదు.

చిట్టాపద్దు

నేను చాలా ఏళ్ళు సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేశాను. మీ ఇంట్లో వచ్చిన ప్రశ్న సరైనది. పెట్టుబడి, మిగులు అనే రెండు అంకెలతో మూడు వ్యాపారాలను పోల్చలేము, ఎందుకంటే ఆ మిగులు ఎంత వాడకం మీద లెక్కవేసినదో శ్రోతకు తెలియదు. సాధారణంగా అది యంత్రం నిండుగా పనిచేసినప్పటి లెక్క. నా దృష్టిలో మీరు మూడింటికీ ఒకే ప్రశ్న వేయాలి: ఈ వ్యాపారం నష్టపోకుండా నిలబడాలంటే సభ్యులు దానిని ఎంత వాడాలి, అంత వాడతామని ఇప్పటికే మాట ఇచ్చినవారు ఎంతమంది?

పాల కేంద్రాన్ని తీసుకుందాం. జీతాలు, కరెంటు, డీజిలు, అప్పు వాయిదా, పాత్రల శుభ్రతకయ్యే ఖర్చు పాలు ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా దాదాపు మారవు. ఈ ఖర్చు తీరడానికి రోజుకు 520 లీటర్ల మీద కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య వచ్చే తేడా సరిపోతుందని అనుకుందాం. మీ సభ్యుల పాలు మంచి ఎనిమిది నెలల్లో రోజుకు 700 లీటర్లు, పశువులు ఒట్టిపోయే నాలుగు నెలల్లో 430 లీటర్లు వస్తాయనుకుంటే ఏడాది సగటు 610 లీటర్లవుతుంది. సగటు 520 దాటింది కదా అని అందరూ సంతోషిస్తారు. కానీ ఆ నాలుగు నెలలూ రోజుకు 90 లీటర్ల తేడా చొప్పున చేతి నుంచి పోతుంది. 120 రోజులకు అది 10,800 లీటర్ల తేడాకు సమానం. ఆ సొమ్ము ఖాతాలో ముందుగా చేరి ఉండకపోతే, ఏడాది మొత్తం మీద లాభంలో ఉన్న కేంద్రమే మధ్యలో జీతాలు ఇవ్వలేక ఆగిపోతుంది.

కాబట్టి ప్రసంగంలో సగటు చెప్పి ఊరుకోకండి. అతి తక్కువ పాలు వచ్చే నెల ఎలా గడుస్తుందో చెప్పండి.

పాలక్యాను

చిట్టాపద్దు గారు చెప్పినది నిజమే, అయితే ఆయన లెక్కలో సభ్యులంతా పాలన్నీ సంఘానికే పోస్తారు. నేను పదకొండేళ్ళు ఒక పాల సేకరణ కేంద్రం నడిపాను. అలా ఒక్క ఏడాదీ జరగలేదు. పాలు తగ్గిన నెలల్లోనే బయటి కొనుగోలుదారు ఎక్కువ ధర ఇస్తానని ఇంటి గుమ్మం ముందుకు వస్తాడు. సంఘం మీద ఎంత అభిమానం ఉన్నా అవసరం ఉన్నవాడు రెండు లీటర్లు అటు పోస్తాడు. సభ్యుల పాలలో నాలుగో వంతు బయటకు పోతే పై లెక్కలోని 610 కాస్తా 457 లీటర్లవుతుంది. అప్పుడు నష్టం నాలుగు నెలలతో ఆగదు, ఏడాది మొత్తం లెక్కే నష్టంలో పడుతుంది. ఈ ఒక్క వాక్యం సభ్యులకు సూటిగా చెప్పండి, ఎందుకంటే వారి చేతిలో ఉన్న విషయం ఇదే.

మరొక మాట. పాలు పోయడం మొదలుపెట్టే నెలను కూడా ప్రసంగంలోనే ప్రకటించండి. పశువులు ఈని పాలు పెరిగే కాలంలో మొదలుపెడితే తక్కువ నెలలకు సరిపడా సొమ్ము చేతిలో ఉంటుంది. మేము యంత్రం వచ్చిందన్న ఉత్సాహంతో పాలు తగ్గుతున్న కాలంలో ప్రారంభించి, మొదటి నాలుగు నెలల్లోనే వాటా ధనంలో కొంత తినేశాము.

చల్లబరిచే పనిలో ఉన్న కష్టాన్ని కూడా దాచవద్దు. పితికిన కొద్ది గంటల్లోనే పాలు 4 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. అన్ని ఇళ్ళ పాలూ ఒకే తొట్టిలో కలుస్తాయి కాబట్టి, పులుపెక్కడం మొదలైన ఒక్క క్యాను తొట్టి మొత్తాన్నీ చెడగొడుతుంది. అందుకే అనుమానం ఉన్న ప్రతి క్యాను నుంచి కొంచెం తీసి వేడిచేసి, విరిగితే తిప్పి పంపాలి. తిప్పి పంపేది తన బంధువు పాలైనా ఆ పని చేయగల మనిషి మీ దగ్గర ఉన్నాడా అన్నది యంత్రం ధరకంటే పెద్ద ప్రశ్న.

సంఘం అధ్యక్షుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాల విషయం స్పష్టమైంది. గిడ్డంగికి ఇలాంటి నష్టం లేదని మా కార్యవర్గం నమ్మకం. ధాన్యం పాడైపోయే సరుకు కాదు, కోతల నాడు తక్కువగా ఉన్న ధర కొన్ని నెలలకు పెరుగుతుంది, అప్పుడు అమ్ముతాము. ఇందులో చెప్పవలసిన కష్టం ఏముంటుంది?

చిట్టాపద్దు

ఆ నమ్మకమే గిడ్డంగులను ముంచుతుందండీ. నేను తనిఖీ చేసిన సంఘాల్లో గిడ్డంగి మీద వచ్చిన తగాదాల్లో ఎక్కువ భాగం దొంగతనం గురించి కాదు, తేమ గురించి.

సభ్యుడు 18 శాతం తేమతో 100 కిలోలు తెచ్చాడనుకుందాం. నిల్వకోసం దాన్ని 13 శాతానికి ఆరబెట్టారు. అందులో గింజ పదార్థం 82 కిలోలే. ఆరిన తర్వాత ఆ 82 కిలోలు మొత్తంలో 87 శాతం కావాలి కనుక బరువు సుమారు 94 కిలోల పావు వరకు దిగుతుంది. తేమ తగ్గింది 5 శాతం, బరువు తగ్గింది దాదాపు 6 కిలోలు. సభ్యుడు మాత్రం "నేను వంద ఇచ్చాను, సంఘం ఆరు తినేసింది" అంటాడు. ఈ లెక్కను ఓటుకు ముందే నల్లబల్ల మీద వేసి చూపించండి. గొడవ వచ్చిన తర్వాత చెబితే సాకు అనుకుంటారు.

ఇక ధర విషయం. కోతల నాడు ఆ తడి ధాన్యం విలువ 100 అనుకుందాం. ఆరబెట్టడం, నిల్వ, సభ్యుడికి ముందుగా ఇచ్చిన సొమ్ము మీద వడ్డీ కలిపి అయిదు నెలలకు 9 ఖర్చయిందనుకుంటే, మిగిలిన 94 కిలోల పావు ధాన్యం 109 తేవాలి. అంటే అప్పుడు కిలో ధర కోతల నాటి తడి ధాన్యం ధరకంటే సుమారు 16 శాతం ఎక్కువ ఉంటేనే కోతల నాడే అమ్మి ఉంటే వచ్చే సొమ్ముతో సమానమైనట్టు. ఆరిన ధాన్యానికి ఎలాగూ కొంత ఎక్కువ ధర ఉంటుంది కాబట్టి అది అసాధ్యమేమీ కాదు. కానీ అంతకు తక్కువ పెరిగిన ఏడాది నష్టం ఎవరు భరిస్తారన్నది ఇప్పుడే తేల్చాలి. ధాన్యం సభ్యుడి పేరుమీదే ఉంటే నష్టం అతనిది, సంఘం అద్దె మాత్రం తీసుకుంటుంది. సంఘం కొని నిల్వచేస్తే నష్టం 140 కుటుంబాలది. పేరుకు రెండూ గిడ్డంగులే, కానీ ఇవి వేర్వేరు వ్యాపారాలు. మీ ప్రతిపాదన వీటిలో ఏదో నాకు అర్థం కాలేదు, మీ సభ్యులకూ అర్థమై ఉండదు.

పొలంగట్టు

యంత్రాల గురించి నా అనుభవం చెబుతాను. మా మహిళా బృందం ఉమ్మడిగా ఒక విత్తే యంత్రం కొన్నది. ఓటు వేసిన రోజున ఒక్కరు కూడా వ్యతిరేకించలేదు, ఎందుకంటే అద్దె తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎవరి పొలానికి ముందు వెళ్తుందన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

వాన పడ్డాక నేలలో పదును ఎనిమిది రోజులుంటే గొప్ప. మా యంత్రం రోజుకు పది ఎకరాలు విత్తగలదు, అంటే ఆ అదనులో 80 ఎకరాలు. మా సభ్యులందరికీ కలిపి 310 ఎకరాలున్నాయి. ప్రతి నలుగురిలో ముగ్గురు పదును దాటాక విత్తుకున్నారు, లేదా బయటి యంత్రానికి ఎక్కువ అద్దె ఇచ్చారు. మొదటి సంవత్సరం బృందం నాయకురాలి బంధువుల పొలాలకు ముందు వెళ్ళింది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఫోను ముందు చేసినవారికి ఒప్పుకుంది, ఆమె ఫోను నంబరు బంధువుల దగ్గరే ఉంది. రెండవ ఏడాది పదిహేను మంది బృందం నుంచి వెళ్ళిపోయారు.

తర్వాత మేము అందరి ముందు చీటీలు తీసి వరుస నిర్ణయించి గోడమీద రాయించాము. ఈ ఏడాది చివర ఉన్నవారు వచ్చే ఏడాది మొదట ఉంటారు, ఒక వంతులో అయిదు ఎకరాలకు మించి విత్తకూడదు. ఇది ఓటుకు ముందే చెప్పి ఉంటే కొందరు యంత్రానికి ఓటు వేసేవారు కారు. మరికొందరు రెండు యంత్రాలు కావాలని అడిగేవారు. కాబట్టి అధ్యక్షులు గారూ, ఆ ఎనిమిది రోజుల్లో ఎవరి పొలానికి యంత్రం వెళ్తుంది, ఎవరిది పదును దాటిపోతుంది అన్నది దయచేసి వేదిక మీద చెప్పండి.

సంఘం అధ్యక్షుడు

అమ్మా, మీ మాట నాకు బలంగా తగిలింది. మా అంచనాలో యంత్రం నిలబడాలంటే ఏడాదికి 500 గంటలు పనిచేయాలి. మా సభ్యుల పని కలిపి చూస్తే 220 గంటలే వస్తోంది. మిగిలిన 280 గంటలు బయటివారికి అద్దెకిస్తామని రాసుకున్నాము. కానీ బయటివారికి కూడా అదే ఎనిమిది రోజుల్లో కావాలి కదా అన్న ఆలోచన ఈ రోజు వరకు నాకు రాలేదు.

మేడిపట్టు

వ్యాపారాల సంగతి పెద్దలు చెప్పారు. నేను లెక్కల ఉపాధ్యాయుడిని కాబట్టి ఓటింగు గురించి చెబుతాను. మూడు ప్రతిపాదనలున్నప్పుడు ఎక్కువ ఓట్లు వచ్చినదే గెలిచిందనడం పొరపాటు. 140 మందిలో పాలకు 55, గిడ్డంగికి 45, యంత్రాలకు 40 ఓట్లు వచ్చాయనుకోండి. పాలు గెలిచాయి, కానీ 85 మంది దాన్ని కోరలేదు. ఆ 85 మంది రేపు పాలు పోయకపోతే కేంద్రం పడిపోతుంది. దీనికి ఒకే ఒక పరిష్కారం ఉంది: రెండేసి ప్రతిపాదనల మధ్య విడివిడిగా ఓటు పెట్టండి. మిగిలిన రెండింటినీ ఓడించినదే నిజమైన విజేత. ఈ పద్ధతిలో ఎప్పుడూ సరైన జవాబు వస్తుంది.

చిట్టాపద్దు

మాస్టారూ, మొదటి సగం పూర్తిగా ఒప్పుకుంటాను. చివరి వాక్యం దగ్గరే చిక్కుంది. 50 మంది పాలు, గిడ్డంగి, యంత్రాలు అనే వరుసలో ఇష్టపడుతున్నారనుకోండి. 48 మందికి గిడ్డంగి, యంత్రాలు, పాలు అనే వరుస. మిగిలిన 42 మందికి యంత్రాలు, పాలు, గిడ్డంగి. అప్పుడు పాలు గిడ్డంగిని 92-48తో ఓడిస్తాయి, గిడ్డంగి యంత్రాలను 98-42తో ఓడిస్తుంది, యంత్రాలు మళ్ళీ పాలను 90-50తో ఓడిస్తాయి. ముగ్గురూ ఒకరినొకరు ఓడించారు, విజేత లేడు. కాండోర్సే అనే ఫ్రెంచి గణితవేత్త 1785లోనే ఈ చిక్కును చూపించాడు. ఇది తరచుగా జరుగుతుందని అనను, కానీ సభలో జరిగితే సర్దిచెప్పడం కష్టం.

అందుకే నేను సంఘాలకు రెండు విడతల రహస్య ఓటు సూచిస్తాను. మొదటి విడతలో చివర నిలిచినది తప్పుకుంటుంది. మీరు చెప్పిన అంకెల్లో యంత్రాలు తప్పుకుని, ఆ 40లో 30 ఓట్లు గిడ్డంగికి, 10 పాలకు మళ్ళితే గిడ్డంగి 75, పాలు 65 అవుతాయి. ఇదీ లోపం లేని పద్ధతి కాదు, కానీ అందరికీ అర్థమవుతుంది, చివరి విజేత వెనుక ఓటు వేసినవారిలో సగంకంటే ఎక్కువ మంది ఉంటారు. ఆ తర్వాత మూడవ ప్రశ్న ఒకటి తప్పక అడగాలి: గెలిచిన ఈ వ్యాపారాన్ని మొదలుపెట్టాలా, ప్రస్తుతానికి వద్దా? "ఏదీ వద్దు" అనే సభ్యుడికి ఓటు వేసే చోటు లేకపోతే, అతను తన వ్యతిరేకతను ఓటు పెట్టెలో కాకుండా బయట చూపిస్తాడు.

మేడిపట్టు

మీ ఉదాహరణను రెండుసార్లు లెక్కవేసి చూశాను, సరిగ్గానే ఉంది. "ఎప్పుడూ" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మరో సందేహం. పశువులు లేని కుటుంబాలకు పాల కేంద్రం మీద సమానమైన ఓటు ఉండటం న్యాయమా? వాడేవారికి, ఎక్కువ వాటా పెట్టినవారికి ఎక్కువ ఓట్లుండాలి కదా?

పొలంగట్టు

నేను దీనికి ఒప్పుకోను. పశువులు లేని కుటుంబం వాటా ధనం కూడా ఆ కేంద్రంలోనే కలుస్తుంది, నష్టం వస్తే వారిదీ పోతుంది. ఓటు కూడా లేకపోతే వారికి మిగిలేదేమిటి?

చిట్టాపద్దు

1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో సహకార సంఘం పెట్టుకున్న వారు ఈ రెండింటినీ విడదీశారు. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకే ఓటు, మిగులు మాత్రం సంఘంతో ఎంత లావాదేవీ చేశారో దాన్నిబట్టి. ఓటు విషయంలో నేను అదే పక్షం. అయితే అమ్మ గారు చెప్పిన ఇబ్బంది అక్కడితో తీరదు. మిగులంతా పాలు పోసినవారికి వెళితే, పశువులు లేని కుటుంబానికి తన వాటా మీద పరిమితమైన వడ్డీ తప్ప ఏమీ రాదు, నష్టంలో మాత్రం భాగం ఉంటుంది. నేను చూసిన సంఘాలు దీన్ని రకరకాలుగా సర్దుకున్నాయి, అందరినీ తృప్తిపరచిన పద్ధతి ఒక్కటీ కనబడలేదు.

సంఘం అధ్యక్షుడు

అందరి మాటలూ విన్న తర్వాత ప్రసంగాన్ని మళ్ళీ రాశాను. ప్రస్తుతానికి చిట్టాపద్దు గారి ఉదాహరణ అంకెలనే వాడి పాల భాగాన్ని ఇలా మొదలుపెట్టాను:

"పాల కేంద్రం నిలబడాలంటే ఏడాది పొడవునా సగటున రోజుకు 520 లీటర్లు రావాలి. మన పశువులను లెక్కవేస్తే 610 వస్తాయి. మనలో ప్రతి నాలుగు లీటర్లలో ఒక లీటరు బయట పోస్తే 457 మాత్రమే వస్తాయి, కేంద్రం మూతపడుతుంది. కాబట్టి ఈ ప్రతిపాదన గెలిచినా వెంటనే యంత్రం కొనము. రెండు నెలల్లోగా 600 లీటర్లకు హామీ పత్రాలు అందకపోతే ఈ తీర్మానం రద్దవుతుంది. నాకు ఎనిమిది పాడి పశువులున్నాయి, ఈ కేంద్రం వస్తే నాకు మేలు జరుగుతుంది. ఆ సంగతి తెలుసుకుని నా మాటలను తూచండి."

గిడ్డంగిలో ధాన్యం సభ్యుడి పేరుమీదే ఉంటుందని కార్యవర్గంతో తేల్చుకున్నాను. యంత్రాల భాగంలో వరుస చీటీలతో నిర్ణయిస్తామని, అదనులో బయటివారికి ఇవ్వబోమని రాశాను. అలా రాసేసరికి 500 గంటలు నిండవని తేలింది, ఆ లోటును కూడా ఉన్నదున్నట్టుగా చెబుతున్నాను. మూడింటిలో దేని గురించి ముందు మాట్లాడాలన్న వరుసను సభలోనే చీటీ తీసి నిర్ణయిస్తాను.

పాలక్యాను

హామీ పత్రాల షరతు చాలా అవసరం. కానీ మీ పశువుల సంగతి అలా మధ్యలో చెప్పడం నాకు నచ్చలేదు. అధ్యక్షుడికి పాలమీద మొగ్గు ఉందని విన్న తర్వాత సగం మంది మొహమాటంతో అటే ఓటు వేస్తారు. మీకు ఏది ఇష్టమో అసలు తెలియనివ్వకుండా ఉండటమే మేలు.

చిట్టాపద్దు

ఊళ్ళో ఎవరి కొట్టంలో ఎన్ని పశువులున్నాయో అందరికీ తెలిసినదేనండీ. చెప్పకపోతే దాచినట్టవుతుంది. చెప్పాలి, కాకపోతే పాల భాగంలో కాక ప్రసంగం మొదట్లోనే చెప్పాలి. ఓటు రహస్యంగా ఉంటే మొహమాటం చాలావరకు తగ్గుతుంది.

పాలక్యాను

రహస్య ఓటు తర్వాత హామీ పత్రం మీద సంతకం బహిరంగంగానే కదా పెట్టాలి. మొహమాటం అక్కడ మళ్ళీ మొదలవుతుంది. మొహమాటంతో పెట్టిన సంతకాల వెనుక పాలు రావని నాకు అనుభవం.

సంఘం అధ్యక్షుడు

దీనికి ఏం చేయాలో ఇంకా తోచలేదు. హామీ పత్రాలు నా దగ్గర కాకుండా, పశువులు లేని ఇద్దరు సభ్యుల దగ్గర ఇచ్చేలా ఏర్పాటు చేయమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఎవరు ఎన్ని లీటర్లు రాశారో వారిద్దరికే తెలుస్తుంది, మొత్తం అంకె మాత్రమే బయటకు వస్తుంది. సమావేశం వచ్చే ఆదివారం. ప్రసంగం మొదట్లో నా పశువుల సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆ రోజు ఉదయానికి తేల్చుకుంటాను.